గురువారం మీటింగుకు నేను రాలేను అన్నా, లెక్క ముందే రాసి పంపిస్తా

నమస్తే అన్నా,

గురువారం పొద్దున 11 గంటలకు అనంతపురంలో వేరుశనగ విత్తనాల మీటింగ్ అని మీరు పెట్టిన మెసేజ్ చూశాను. పిలిచినందుకు సంతోషం, కానీ ఈసారి నేను రాలేను. ఆ రోజు పొద్దున ఫోన్ చేసి రాలేనని చెప్పడం బాగుండదు, అందుకే ఇప్పుడే చెప్తున్నా.

నిన్న రాత్రి కళ్యాణదుర్గం వైపు మంచి వాన పడింది. ఎర్రనేలలో పదును ఎన్నాళ్లు ఆగుతుందో మీకు తెలియంది కాదు, నాలుగు రోజులు గట్టిగా ఎండ కాసిందంటే పైమట్టి ఆరిపోతుంది, అందుకే అందరూ ఒకేసారి గోడౌన్‌కు వస్తున్నారు. గురువారానికి 60 మందికి టోకెన్లు ఇచ్చేశాం. పాసుబుక్ చూసి బస్తా ఇచ్చి పంపేదొక్కటే అయితే ఎవరైనా చేస్తారు, విత్తనశుద్ధి దగ్గరే నేను ఉండాలి. పోయినేడు నేను మీటింగుకు వచ్చిన రోజు ఒక రైతు మందు పట్టించిన గింజల్ని నీడలో కాకుండా ఎండలో ఆరబెట్టాడు, పొట్టు ఊడిపోయి చాలా గింజలు మొలవలేదు. ఆయన చేను చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

బుధవారం సాయంత్రం 6 లోపు ఒక పేజీ రాసి వాట్సాప్‌లో పెడతా. ఎన్ని బస్తాలున్నాయి, ఎన్ని పోయాయి, ఏ ఊళ్లకు ఇంకా కావాలి, అన్నీ ఉంటాయి. ముఖ్యమైనది ఇప్పుడే చెప్తా. తడి గోనెసంచిలో వందేసి గింజలు పెట్టి చూస్తే కె-6 రకంలో 84 మొలిచాయి, కదిరి లేపాక్షి రకంలో మాత్రం 71. 70కి తగ్గకూడదు కదా, మరీ అంచున ఉంది, అందుకే ఆ లాటు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టించి, రెండోసారి వేరే బస్తాల నుంచి తీసి పెట్టాను. ఆ లెక్క కూడా బుధవారానికి తేలుతుంది.

మనిషి ఎదురుగా ఉండాల్సిందే అంటే మా స్టోర్ లెక్కలు చూసే తమ్ముణ్ని పంపిస్తా, పోయిన నెల బిల్లులు తీసుకుని మీ ఆఫీసుకు వచ్చాడే, ఆ అబ్బాయే. రెండో లోడు 120 బస్తాల వరకు అయితే వాడే ఒప్పుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు. రేటు మారినా, లేపాక్షి లాటు వెనక్కి పంపాలన్నా మాత్రం నాకు ఫోన్ చేయించండి, మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా ఖాళీగానే ఉంటా.

కాగితం చాలా, తమ్ముడు కూడా రావాలా అన్నది రేపు సాయంత్రంలోగా ఒక మాట చెప్పండన్నా. వాడు పొద్దున 8 గంటల బస్సు పట్టుకోవాలి, అంతకుముందు గోడౌన్ తాళాలు నాకు ఇచ్చి పోవాలి.