స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్: మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్

ప్రవేశాల కమిటీకి,

బీపీటీ తర్వాత ఆరేళ్లుగా సోంపేటలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎంపీహెచ్ చదవాలనుకుంటున్నాను: ఉద్దానం పల్లెల్లో మోకాళ్ల, నడుం నొప్పులకు జనం ఎన్ని నొప్పి బిళ్లలు మింగుతున్నారు? వ్యాయామంతో వాటిని ఎంతవరకు తగ్గించగలం?

ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. నొప్పి బిళ్లలే కారణమని నేను అనడం లేదు. అయితే డైక్లోఫెనాక్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుని కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. రోజంతా ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని ఒంటికి ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. వంగి నాట్లు వేసేవాళ్లు, నేలమీద కూర్చుని జీడిపిక్కలు ఒలిచేవాళ్లు నొప్పి బిళ్లతోనే మర్నాటి పనికి లేస్తారు.

మోకాలి అరుగుదలకు మా దగ్గరున్న మందు చవకైనదే. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, తొడ కండరం బిగించి 5 సెకన్లు నొక్కాలి. పూటకు 10 సార్లు, రోజుకు 3 పూటలు. కండరం బలపడడానికి కనీసం 6 నుంచి 8 వారాలు పడుతుంది. చిక్కంతా అక్కడే. మూడు రోజులు ‘కరెంటు’ పెట్టించుకుని నొప్పి తగ్గగానే మానేస్తారు, నాట్లు మొదలైతే అసలే రారు. ఇది రోగి బద్ధకం కాదు. క్లినిక్‌కు వస్తే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి వ్యాయామం ఊళ్లోకే, ఆశా కార్యకర్త చేతుల మీదుగా వెళ్లాలి.

ప్రాజెక్టుగా ముందు సర్వే చేస్తాను. బిళ్లలు వాడేవారి శాతం తెలియదు కనుక 50గా, పొరపాటు హద్దు 5గా తీసుకుంటే

n = 4pq/d² = 4 × 50 × 50 / 25 = 400

క్లస్టర్ పద్ధతికి 1.5 రెట్లు, అంటే 600. ఇంట్లో దొరకని వారికి మరో పది శాతం కలిపితే 660. అంటే 30 ఊళ్లు, ఊరికి 22 మంది. మందు పేరడిగితే ‘ఎర్ర బిళ్ల’ అంటారు, అందుకే ఖాళీ స్ట్రిప్పు చూసే రాసుకోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో చూసే పరీక్షకు 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీ కావాలి. మంచాల ఎత్తు ఇంటికో తీరు, కాబట్టి కుర్చీ మనమే మోసుకెళ్లాలి.

ఈ లెక్క వరకు వేయగలను. క్లస్టర్ డేటా విశ్లేషణ, వయసు, వృత్తి, బీపీ, షుగర్‌ల ప్రభావాన్ని విడదీయడం, ఖర్చు-ఫలితాల అంచనా నాకు రావు. మీ కోర్సులో ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, హెల్త్ ఎకనామిక్స్ మీదే ఎక్కువ సమయం పెట్టాలనుకుంటున్నాను. చదువయ్యాక సోంపేటకే తిరిగివచ్చి, ముందు ఒక్క పీహెచ్‌సీ పరిధిలో ఆశా కార్యకర్తలకు ఈ వ్యాయామాలు నేర్పి, ఆరు నెలల తర్వాత అవే ఇళ్లలో మళ్లీ స్ట్రిప్పులు లెక్కపెడతాను.