ఓటీజీలో కోడి పెట్టేముందు ఇది చదువు అక్కా

అక్కా, ఆదివారం కొత్త ఓటీజీలో కోడిని ముక్కలు కొట్టకుండా రోస్ట్ చేస్తానన్నావు కదా. ఇక్కడ లీడ్స్‌లో మా రూమ్‌వాళ్లం చేసినప్పుడు ఏం జరిగిందో చెప్తాను, నీకు పనికొస్తుంది.

కిలోన్నర కోడి. మన ఇంట్లో వేపుడుకి పట్టించినట్టే పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, కొంచెం తేనె పట్టించాం. చుట్టూ బంగాళాదుంపలు కిక్కిరిసేలా సర్ది 200 డిగ్రీల్లో పెట్టాం. గంట తిరిగేసరికి పైన బొగ్గులా మాడిపోయింది. తొడ దగ్గర కత్తి గుచ్చితే ఎర్రటి నీళ్లు కారాయి. దుంపలు వేగలేదు సరికదా, ఆ పెరుగు నీళ్లలో ఉడికి మెత్తబడ్డాయి. చాలా బాధేసింది. అయినా పారేయలేదు. కాళ్లు విడగొట్టి, మాడిన తోలు తీసేసి, ఇంకో ఇరవై నిమిషాలు లోపల పెడితే తినగలిగాం.

కారణాలు తర్వాత తెలిశాయి. మా ఓవెన్‌లో ఫ్యాన్ ఉంది. వేడిగాలి తిరుగుతుంది కాబట్టి మామూలు ఓవెన్‌కి 200 అని రాస్తే దీనికి 180 చాలు. తేనె, పెరుగు మాంసం ఉడికేలోపే మాడతాయి. అన్నిటికంటే ముఖ్యం, కోడి కడుపులో ఇంకా ఐసు ఉంది. పైన కరిగితే చాలదు, ఫ్రిజ్‌లోనే ఒక రోజంతా ఉంచి కరగనివ్వాలి.

రెండోసారి ముందు రాత్రే ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాం. పొద్దున తోలు పొడిగా, కాగితంలా తయారైంది. వెన్నలో వెల్లుల్లి, మిరియాలు, కొంచెం కారం కలిపి తోలు కింద వేళ్లతో దూర్చాం. మసాలా లోపల ఉంటే మాడదు. దుంపలు సగం ఉడికించి వేరే ట్రేలో పెట్టాం. ఇక్కడివాళ్ల లెక్క కిలోకి 45 నిమిషాలు, పైన ఇంకో 20. రంగు చూసి నమ్మకు, ఒక్కోసారి ఉడికినా ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది. థర్మామీటర్ కొను, ఆ డబ్బు దండగ కాదు. తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. తీశాక పావుగంట ఆగి కోస్తే రసం ట్రేలోకి కారిపోకుండా మాంసంలోనే నిలుస్తుంది.

నీ ఓటీజీ చిన్నది, పై రాడ్ కోడికి బాగా దగ్గరగా ఉంటుంది. కిలో కోడికి మించి వద్దు, కింది అరలో పెట్టు. పైన రంగు రాగానే ఫాయిల్ కప్పు, రాడ్‌కి మాత్రం తగలనివ్వకు. మన దగ్గర షాపువాడు అడగకుండానే తోలు ఒలిచేస్తాడు, ముందే స్కిన్‌తో కావాలని చెప్పు. లేకపోతే రొమ్ము పీచులా ఎండిపోతుంది.

కోడి తెచ్చాక బరువెంతో, ఓటీజీలో ఫ్యాన్ ఉందో లేదో మెసేజ్ పెట్టు. టైం లెక్క కట్టి చెప్తాను.