టాటా నానో: క్లాసు చర్చకు కేసు సారాంశం

పరిస్థితి: 2010 డిసెంబరు. స్కూటర్ మీద వానలో తడిసే కుటుంబం కోసం లక్ష రూపాయల కారు అని 2008 జనవరిలో ప్రకటించారు. 2009లో రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చాయి. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూవివాదంతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కు మారింది, డెలివరీలు ఆలస్యమయ్యాయి. 2010 నవంబరులో అమ్మినవి 509 కార్లే.

సమస్య: కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు భయపెట్టిన మాట నిజమే. నా దృష్టిలో అసలు దెబ్బ 'అన్నిటికంటే చౌక కారు' అన్న పేరే. మన ఇళ్లలో కారు కొంటే వీధంతా చూస్తుంది, గుడి ముందు పూజ చేయిస్తాం. అంత ఆశపడి కొనేది చౌకదని ఎవరు అనిపించుకుంటారు? పైగా ఒకటే వైపర్, చక్రానికి మూడే నట్లు, తెరుచుకోని వెనక డిక్కీ. పొదుపు ఇంజనీర్లకు గర్వకారణం, కొనేవాడికి కంటికి కనబడే లోటు.

మార్గాలు: ధర ఇంకా తగ్గించడం (లాభం మిగలదు, ఆ ముద్ర ఇంకా బలపడుతుంది); వారంటీ పెంచి, లోన్ సులువు చేయడం; కొంచెం ధర పెంచి, డిక్కీ తెరుచుకునేలా మార్చి, నగరంలో కుర్రాళ్ల కారుగా అమ్మడం.

సిఫారసు: రెండోది వెంటనే, మూడోది ఏడాదిలోగా. నిప్పు భయం పోకుండా కొత్త ప్రకటనలకు డబ్బు పెట్టొద్దు. చిన్న ఊళ్లలో షోరూమ్ మెట్లెక్కడానికే మొహమాటపడే స్కూటర్ యజమాని దగ్గరికి కారునే తీసుకెళ్లి నడిపించి చూపాలి.

చర్చకు ప్రశ్న: ధర పెంచితే, ఆ స్కూటర్ కుటుంబం మన కస్టమరుగా మిగులుతుందా?