జమ్మి చేతిలో పెట్టి అడగవలసిన మాట కాదు

హన్మకొండ నుంచి ఉత్తరం రాసిన సోదరునికి,

పెళ్లయి పదకొండేళ్లయిందని, ఆఫీసులో తోటి ఉద్యోగినితో ఏడాదిగా సాగిన మీ సంబంధం ఫోనులోని సందేశాల వల్ల బయటపడిందని, నెల రోజులుగా మీ భార్య పాపను తీసుకొని కాజీపేటలోని తల్లిగారింట్లో ఉంటున్నదని రాశారు. కాళ్లు పట్టుకున్నా ఆమె మనసు కరగలేదని, దసరాకు మూడు వారాలే ఉన్నందున ఈలోపు పెద్దమనుషులను కూర్చోబెట్టి ఇంటికి తెచ్చుకోవాలని, అది కుదరకపోతే పండుగ నాడు అత్తగారింటికే వెళ్లి అందరి ముందు ఆమె చేతిలో జమ్మి పెట్టి క్షమించమని అడగాలని అనుకుంటున్నారు. ఈ రెండూ చేయకండి.

జమ్మి ఆకు చేతిలో పెట్టినవాణ్ని కాదనడం మన దగ్గర ఎంత కష్టమో మీకు తెలుసు. అత్తమామలు, బావమరుదులు, వాడకట్టు వాళ్లు చూస్తుండగా మీరు ఆ ఆకు ఇస్తే, ఆమె పుచ్చుకున్నా అది క్షమించినట్టు కాదు, పుచ్చుకోకపోతే మాత్రం పండుగ పూట మొగుణ్ని కాదన్నదన్న మాట ఆమె మీద పడుతుంది. తప్పు చేసింది మీరు, నలుగురిలో ఇరుకున పడేది ఆమె. పంచాయితీ సంగతీ అంతే. భూమి గట్టు తగాదాలను మన పెద్దమనుషులు ఓపికగా తీర్చడం నేను చూశాను, వారిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఇటువంటి విషయంలో వాళ్లు చివరికి ఆడమనిషి వైపు తిరిగి, “ఆడపిల్ల తల్లివి, ఏదో అయిపోయింది, సర్దుకపోవాలె బిడ్డా” అంటారు. ఆ ఒక్క మాటతో ఆమె వచ్చి మీ ఇంట్లో వంట చేయవచ్చు, మీతో మాట్లాడవచ్చు కూడా, కానీ ఆమెకు జరిగిన అన్యాయం గురించి మళ్లీ నోరెత్తే దారి ఉండదు. పెద్దలు కావాలని ఆమే కోరితే తప్పక వెళ్లండి. వెళ్లినప్పుడు ఇంకొకరి చేత చెప్పించకుండా, ఏం చేశారో మీ నోటితో మీరే చెప్పండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చిట్టీ డబ్బు. ఎత్తిన చిట్టీలో 40,000 రూపాయలు ఆ స్త్రీ కోసం ఖర్చు చేశారని, ఆ సంగతి ఇంట్లో ఇంకా తెలియదని, ఇప్పుడు చెబితే ఉన్న కొద్దిపాటి ఆశ కూడా పోతుందేమోనని రాశారు. చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. మోసపోయిన మనిషికి మొదటి దెబ్బ కన్నా, అంతా చెప్పానని ప్రమాణం చేసిన భర్త దగ్గర నుంచి నెలకొక కొత్త నిజం బయటపడడం ఎక్కువ బాధ పెడుతుంది, ఎందుకంటే అప్పటిదాకా ఆమె కూడదీసుకున్న నమ్మకం ప్రతిసారీ మొదటికి వస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎంత డబ్బు పోయింది, ఎవరెవరికి తెలుసు, మన ఇంటికి వచ్చిందా అన్నవి ఆమె అడిగే ప్రశ్నలు. వాటికి ఒకే విడతలో, అడిగినంత మేరకు, తగ్గించకుండా జవాబు ఇవ్వండి. ఏకాంతపు వివరాలు ఆమె అడగనిదే మీరుగా చెప్పకండి. ఆ డబ్బు ఎలా తిరిగి జమ చేస్తారో కూడా ఆ మాటలోనే చెప్పండి.

ఆమెతో చెప్పవలసిన మాట ఇలా ఉండవచ్చు: “నేను నీకు అబద్ధం చెప్పి ఏడాది పాటు ఇంకొకరితో ఉన్నాను. నువ్వు అనుమానపడి అడిగినప్పుడు నీకే పిచ్చి అన్నట్టు మాట్లాడాను. ఇంటి డబ్బు వాడాను. ఇందులో నీ తప్పు లేదు. నువ్వు ఏం నిర్ణయం తీసుకున్నా, ఎంత కాలం తీసుకున్నా, నిన్ను తొందరపెట్టను.” దీని తరువాత ‘కానీ’ అని మొదలుపెట్టకండి. మీ ఇద్దరి మధ్య ముందు నుంచీ మనస్పర్ధలు ఉన్నాయని రాశారు, ఉండవచ్చు, వాటి గురించి మాట్లాడే రోజు ఆమె సిద్ధమైనప్పుడు వస్తుంది. ఆ స్త్రీయే వెంటపడిందని అనడం కూడా మానండి, మాట ఇచ్చి తాళి కట్టింది మీరు.

ఆరోగ్యం సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీ కేంద్రాలలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా, గోప్యంగా చేస్తారు. వెంటనే చేయించుకొని, ఆఖరి కలయిక తరువాత మూడు నెలలు నిండాక మరొకసారి చేయించుకోండి. సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షల గురించి కూడా వైద్యుణ్ని అడగండి. ఫలితం ఆమెకు చూపించండి, తానూ పరీక్ష చేయించుకోవాలో లేదో ఆమె నిర్ణయించుకుంటుంది.

సంబంధం తెగిందని రాశారు గాని, రోజూ అదే ఆఫీసులో ఎదురుగా కూర్చుంటున్నారు. వేరే శాఖకు బదిలీ అడగండి, కరీంనగర్ అయినా, జీతం కొంత తగ్గినా. అది కుదిరేదాకా పని మాటే మాట్లాడి, తప్పనిసరిగా మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ మీ భార్య అడగకముందే, అదే రోజు చెప్పండి. ఫోను తెరిచి చూపించమంటే చూపించండి, అయితే చూపించాను గనుక ఇక నమ్మాలని అనకండి.

అర్ధరాత్రి ఫోను చేసి అడిగిందే అడుగుతున్నదని విసుగ్గా రాశారు. అడుగుతుంది. పడుకునేవేళ ఆమెకు పాత సంగతులు గుర్తుకు వచ్చి, ఫలానా పండుగ నాడు నువ్వు నిజంగా ఆడిట్ పనికే వెళ్లావా అని పదోసారి అడిగినా, మొదటిసారి ఇచ్చిన జవాబునే అంతే నెమ్మదిగా ఇవ్వండి. “ఎన్నిసార్లు చెప్పాలె” అన్న మాట మీ నోట రాకూడదు. అలాగే ఆమె రాకపోతే బతకనని అన్నారట, అది క్షమాపణ కాదు, బెదిరింపు. నిజంగానే అటువంటి ఆలోచనలు వస్తుంటే ఆ బరువు ఆమె మీద వేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయండి, లేదా మానసిక వైద్యుణ్ని కలవండి.

పాప బడి గేటు దగ్గర నిలబడి చాక్లెట్ ఇచ్చి “అమ్మను ఇంటికి రమ్మను” అని చెప్పి పంపడం ఇవాళ్టితో ఆపండి. మూడో తరగతి పిల్లతో మోయించవలసిన మాటలు కావు. ఫీజు, ఇంటి ఖర్చు అడగకముందే పంపండి, ఆమె తిరిగి రావడంతో వాటికి ముడిపెట్టకండి.

ఆమె వకీలును కలిసిందని తెలిసి మీకు కోపం వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ను కొట్టివేసింది గాని, హిందూ వివాహ చట్టం ప్రకారం అది విడాకులకు కారణంగా ఇప్పటికీ నిలిచే ఉన్నది. తన హక్కు ఏమిటో ఆమె తెలుసుకుంటున్నది, అంతే. మీరు ఇవన్నీ చేసినా ఆమె రాకపోవచ్చు. అప్పుడు కూడా పాప ఖర్చు, చిట్టీ డబ్బు, నిజం మీరు ఇవ్వవలసినవే.

ఎంత కాలం ఆగాలని అడిగారు. నెలలలో చెప్పలేను, గడువు పెట్టే అధికారం మీకు లేదు, నాకూ లేదు. ఈలోగా కౌన్సెలింగ్‌కు ముందు మీరు ఒక్కరే రండి. ఆమె ఇష్టపడి, వేరుగా నాతోనో మరొకరితోనో మాట్లాడిన తరువాతనే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ఆలోచన చేద్దాం. బతుకమ్మకు చీర పంపవచ్చునా అన్న ప్రశ్నకు: పాపకు బట్టలు కొనడానికి ఆమెను అడిగి, సరేనంటే కొనండి. చీర ఇప్పుడు వద్దు.