వార్డు నర్సు ఇంటర్వ్యూ: ఎవరి దగ్గరికి ముందు వెళ్తావు?

ప్యానెల్‌లో కూర్చునేవాళ్లకు: వచ్చేవాళ్లంతా జీఎన్ఎం చేసి రెండేళ్లు పనిచేసినవాళ్లే. ఏబీసీ అంటే ఏంటని అడగొద్దు, అది అందరూ గడగడా అప్పజెప్తారు. కేసు నెమ్మదిగా చదివి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇవ్వండి.

మొదటి కేసు

"అమ్మా, రాత్రి 8 గంటలు, హ్యాండోవర్ అయిపోయింది, వార్డులో నువ్వూ ఇంకో సిస్టరూ ఉన్నారు. 4వ బెడ్ పొద్దున గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినాయన, నొప్పంటున్నాడు, బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి, బావమరిది మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి అరుస్తున్నాడు. 9లో డెంగీ అమ్మాయి, ఐదో రోజు, మధ్యాహ్నం జ్వరం దిగింది, వాళ్లమ్మ రేపు ఇంటికెళ్లిపోతామని సంబరపడుతోంది, కానీ పిల్లకి కడుపునొప్పి, రెండు వాంతులు. 11లో షుగర్ పేషెంట్‌కి 7:30కి ఇన్సులిన్ వేశారు, అన్నం ముట్టలేదు, చెమటలు పట్టి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. 15లో సెలైన్ అయిపోయింది. ముందు ఎవరు?"

రావాల్సిన జవాబు: "11కి నేను వెళ్తాను, అదే నిమిషంలో 9కి సిస్టర్‌ని వైటల్స్ చూడమని పంపిస్తాను. గ్లూకోమీటర్‌లో 48 వస్తే, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తాను, 15 నిమిషాలకి మళ్లీ చూస్తాను. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయను, డాక్టర్‌కి చెప్పి ఐవీ డెక్స్‌ట్రోజ్."

9 ముందు అన్నా మార్కులు కోయకండి, కారణం చెప్పగలిగితే చాలు. 4 ముందు అంటే మాత్రం అరుపుకి వెళ్లినట్టు.

ఇప్పుడు అసలు ప్రశ్న: "సిస్టర్ వచ్చి 9కి బీపీ 100/84, పర్లేదు అంది. పర్లేదా?"

ఇక్కడే చాలామంది పై అంకె చూసి తలూపుతారు. రావాల్సిన జవాబు: "పర్లేదు కాదు మేడమ్. రెండింటికీ తేడా 16 మాత్రమే, 20 లోపు పడితే షాక్‌లోకి వెళ్తున్నట్టు. డెంగీలో జ్వరం దిగాకే ప్రమాదం. చేతులు చల్లబడ్డాయా, యూరిన్ ఎప్పుడు పోసింది చూసి వెంటనే ఫోన్ చేస్తాను."

ఫోన్‌లో ఏం చెప్తావో చెప్పమనండి. "సార్, పేషెంట్ బాలేదు, ఒకసారి రండి" చాలదు. "సార్, 9వ బెడ్ డెంగీ, ఐదో రోజు, బీపీ 100/84, పల్స్ 124, చేతులు చల్లగా ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి యూరిన్ లేదు, షాక్ అనుకుంటున్నాను, ఇప్పుడే రావాలి" అనాలి.

రెండో కేసు

"రక్తం ఎక్కించడం మొదలై పది నిమిషాలు, చలి వణుకు, నడుంనొప్పి. అప్పుడే పెద్ద డాక్టర్ రౌండ్స్‌కి పిలుస్తున్నారు."

జవాబు: రక్తం ఆపడం, క్యాన్యులా తీయకుండా సెట్ మార్చి నార్మల్ సెలైన్, వైటల్స్, బ్యాగ్ మీద వివరాలు పేషెంట్‌తో సరిచూడడం, డాక్టర్‌కీ బ్లడ్ బ్యాంక్‌కీ చెప్పడం. బ్యాగ్ పారేస్తానంటే తప్పు, దాన్ని బ్లడ్ బ్యాంక్‌కి పంపాలి.

చివరగా ఆ బావమరిదికి ఏం చెప్తుందో అడగండి. "ఇప్పుడే వస్తున్నానన్నా" అంటే రాదని ఆయనకీ తెలుసు. "అన్నా, అక్కడ ఒకాయన ప్రాణం మీదకొచ్చింది, ఇరవై నిమిషాల్లో ఇంజెక్షన్ తెస్తాను" అన్న పిల్లని నేనైతే వదులుకోను.