జూనియర్ మెషిన్ లెర్నింగ్ ఇంజనీర్ ఉద్యోగానికి దరఖాస్తు

నల్లగొండ,
16 జూన్ 2025

నియామకాలు చూసే అధికారి గారికి,

నమస్కారం.

బోరు మోటార్లకు సెన్సర్లు బిగించి, మోటరు కాలిపోకముందే రైతుకు ఫోన్లో హెచ్చరిక పంపే మీ పనికి జూనియర్ మెషిన్ లెర్నింగ్ ఇంజనీర్ కావాలన్న ప్రకటన చూసి రాస్తున్నాను. రైతులతో రోజూ మాట్లాడాల్సిన పని కాబట్టి లేఖ తెలుగులోనే రాయమన్నారు. అది చదివాకే ధైర్యం వచ్చింది. ఇంగ్లిష్‌లో రాసి ఉంటే నెట్‌లో దొరికే పది లేఖల్లాగే ఇదీ ఉండేది.

నేను ఈ ఏడాదే నల్లగొండలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేశాను. మార్కులు, కోర్సుల వివరాలు రెజ్యూమేలో ఉన్నాయి. ఇక్కడ ఒక్క క్లాస్ ప్రాజెక్టు గురించే చెప్తాను. అందులో నేను చేసిన తప్పు మీ పనికి పనికొస్తుందని నా నమ్మకం.

ప్రాజెక్టు ఫ్లోరైడ్ మీద. నల్లగొండ పిల్ల ఫ్లోరైడ్ అనకుండా ఇంకేమంటుంది అనుకోకండి. ఆ బాధల కథ మీకు తెలిసిందే, ఇక్కడ చెప్పను. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, అంత పాత సంగతి అది. మాకు కావాల్సింది చిన్న లెక్క. మా కాలేజీ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఒక్కటే ఉంది. రోజుకు ఇరవై సీసాలు పరీక్షిస్తే గొప్ప. పీహెచ్, విద్యుత్ వాహకత, కఠినత్వం, క్షారత మాత్రం బోరు దగ్గరే, తక్కువ ఖర్చుతో చూడొచ్చు. ఈ నాలుగు చవక పరీక్షలను బట్టి ఏ బోరు నీళ్లను ముందు ల్యాబ్‌కు పంపాలో చెప్పగలమా అన్నది మా ప్రశ్న.

నలుగురం కలిసి 2024 నవంబరు, డిసెంబరుల్లో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో తిరిగాం. 58 ఊళ్లు, 406 నమూనాలు. ఒక్కో ఊళ్లో సగటున ఏడు బోర్లు, చేతి పంపులు. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, మళ్లీ ఈ సీసాలెందుకని చాలామంది అడిగారు. పశువులకు, చేను దగ్గర కూలీలకు ఇప్పటికీ బోరు నీళ్లే అని చెప్తే, ‘అది నిజమే బిడ్డా’ అని మోటరు వేసి ఇచ్చారు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు బీఐఎస్ పెట్టిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మా 406లో 118 నమూనాలు దాన్ని దాటాయి.

ఇక తప్పు సంగతి. డేటాను కలగాపులగం చేసి ఐదో వంతు పక్కన పెట్టి, మిగతాదాని మీద రాండమ్ ఫారెస్ట్ నడిపాను. పక్కన పెట్టిన 82లో 76 సరిగ్గా చెప్పింది. దాదాపు 93 శాతం. ఆ రాత్రి మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి, పేపరుకు పంపుదామా అని కూడా అన్నాను! మరుసటి రోజు మా గైడు మేడం స్లయిడ్లు చూసి ఒక్కటే అడిగారు: “ఇది కొత్త ఊరికి పోతే ఏం చేస్తుంది?”

జవాబు నా దగ్గర లేదు. వెతికితే తెలిసింది. ఒకే ఊళ్లో ఏడు బోర్లుంటే వాటిలో ఐదారు ట్రైనింగ్‌లోకి, ఒకటో రెండో టెస్టులోకి పోతున్నాయి. కింద రాయి ఒకటే, నీళ్లూ దాదాపు ఒకటే. పైగా అక్షాంశం, రేఖాంశం కూడా కాలమ్‌లుగా ఇచ్చాను. మోడల్ నీటి రసాయనం నేర్చుకోలేదు, ఊళ్ల పేర్లు బట్టీ పట్టింది. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చేతికిచ్చినట్టయింది.

అప్పుడు ఊరిని ఊరుగానే పక్కన పెట్టి చూశాను:

```python
cv = GroupKFold(n_splits=5)
p = cross_val_predict(model, X, y, groups=village,
                      cv=cv, method="predict_proba")[:, 1]
```

93 కాస్తా 78కి పడింది. ఏ మోడలూ లేకుండా అన్ని బోర్లూ మంచివే అని కళ్లు మూసుకుని చెప్పినా 71 శాతం వస్తుంది. ఇంకా ఘోరం, అసలు చెడ్డ నీళ్లు 118లో 66 మాత్రమే పట్టుకుంది. వారం రోజులు ఆ ఫైలు తెరవబుద్ధి కాలేదు.

తెరిచాక ఇంకో లీకు బయటపడింది. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గే, కానీ మీ దగ్గర ఇలాంటివే రోజూ వస్తాయనుకుంటాను. మేం తిరిగింది 58 ఊళ్లైతే, ఫైల్లో 64 ఉన్నాయి. నలుగురం నాలుగు రకాలుగా ఊరి పేర్లు ఇంగ్లిష్‌లో టైపు చేశాం. ఒకరు ‘గూడెం’కు ‘oo’ పెడితే ఇంకొకరు ‘u’ పెట్టారు. కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. కాబట్టి ఊరి వారీగా విడదీశానని నేను అనుకున్న చోట కూడా కొన్ని ఊళ్లు రెండు పక్కలా ఉన్నాయి. పేర్లన్నీ కూర్చుని చేత్తో సరిచేశాను. పైన చెప్పిన 78 ఆ తర్వాత వచ్చిన లెక్కే. దానికి ముందు 81 చూపించింది.

ఇక్కణ్నుంచి మోడల్ మార్చడం కంటే నీళ్లను అర్థం చేసుకోవడం మేలనిపించింది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో కూర్చుని అడిగి తెలుసుకున్నాను. మా నేల కింద గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే దాన్ని పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున చేరుస్తుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. అంటే క్షారత ఎక్కువ, కఠినత్వం తక్కువ. ఈ రెండూ మా దగ్గర ఉన్న చవక పరీక్షలే! క్షారతలోంచి కఠినత్వం తీసేసి ఒక కొత్త కాలమ్ చేశాను. అక్షాంశ రేఖాంశాలు తీసేశాను. రాండమ్ ఫారెస్ట్ బదులు మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ పెట్టాను. రెండూ దాదాపు ఒకేలా చెప్పాయి, కానీ దీన్ని పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద గీసి చూపించొచ్చు.

చివరి నిర్ణయం గణితంలో లేదు. చెడ్డ బోరును మంచిదని చెప్తే నష్టం, మంచి బోరును అనుమానిస్తే ఒక సీసా పరీక్ష దండగ. రెండూ సమానం కావు. అందుకే మోడల్ చెప్పే సంభావ్యత 0.5 దగ్గర కాకుండా 0.3 దాటిన ప్రతి బోరునూ ల్యాబ్‌కు పంపాలని పెట్టుకున్నాం. ఆ 0.3 కూడా మొదట అన్ని ఫలితాలు చూసి ఎంచుకున్నాను, అదీ దొంగ లెక్కే. తర్వాత ప్రతి విడతలో ట్రైనింగ్ భాగంలోనే ఎంచుకునేలా మార్చాను. దాదాపు అక్కడక్కడే వచ్చింది. మొత్తం మీద 406లో 168 బోర్లను అనుమానించి, 118 చెడ్డ వాటిలో 97 పట్టుకున్నాం. ఇలా చేస్తే ల్యాబ్ పని సగానికి పైగా తగ్గుతుంది. 21 తప్పిపోయాయి. వాటిలో 13 ఒకే మండలంలోని మూడు ఊళ్లవి. అక్కడ కఠినత్వం కూడా ఎక్కువే, మా గుర్తు అక్కడ పనిచేయదు. ఆ మూడు ఊళ్లలో మా పద్ధతి వాడొద్దని రిపోర్టులో రాశాం. ఆ వాక్యం పెట్టాలా వద్దా అని మా నలుగురిలో పెద్ద గొడవే అయింది.

నమూనాలు నలుగురం తెచ్చాం, ల్యాబ్ పరీక్షలు ఇద్దరు మిత్రులు చేశారు. డేటా శుభ్రం చేయడం, మోడళ్లు, రిపోర్టులో లెక్కల భాగం నావి.

ఇది మీ మోటార్లకు ఎందుకంటే, అక్కడా ఇదే చిక్కు ఉంటుందని నా ఊహ. ఒక మోటరు నుంచి రోజంతా రీడింగులు వస్తాయి. వాటిని కలగాపులగం చేసి విడదీస్తే మోడల్ ఆ మోటరునే గుర్తుపడుతుంది, కాలిపోయే లక్షణాన్ని కాదు. మోటరు వారీగా విడదీయాలి, కాలం వారీగా కూడా. ఇక కాలిపోయే మోటార్లు తక్కువ, బాగా నడిచేవి ఎక్కువ. కాబట్టి ‘99 శాతం సరి’ అన్న మాటకు విలువ లేదు. అయితే మా నీళ్లకూ మీ మోటార్లకూ ఒక తేడా ఉంది. ఉత్త హెచ్చరికలు నాలుగు వస్తే రైతు ఐదోది చూడడు. కాబట్టి గీత మేం పెట్టినంత కిందికి పెట్టకూడదేమో. దాని మీద మీవాళ్ల అనుభవం వినాలని ఉంది.

మోటార్ల సంగతి నాకు పూర్తిగా కొత్త కాదు. మా మేనమామకు దేవరకొండలో వైండింగ్ షాపు ఉంది. ఇంటర్ సెలవుల్లో అక్కడ బిల్లులు రాసేదాన్ని. “ఒక ఫేజు పోతే మిగతా రెండు వైర్లు ఎక్కువ కరెంటు గుంజుతయి. బోర్ల నీళ్లు అడుగంటితే మాత్రం ఉల్టా, కరెంటు తగ్గుతది. రెండింట్ల ఏదైనా మోటరు నా దగ్గరికే వస్తది” అనేవాడు మామ. ఆ మాట మీ సెన్సర్ డేటాలో ఎలా కనిపిస్తుందో చూడాలని ఈ ప్రకటన చదివినప్పటి నుంచి ఆత్రంగా ఉంది.

రానివి కూడా చెప్పాలి. పైథాన్, ఆర్ బాగా వచ్చు. ఎస్‌క్యూఎల్‌లో మామూలు ప్రశ్నలు రాయగలను, పెద్ద డేటాబేస్‌తో పనిచేయలేదు. న్యూరల్ నెట్‌వర్కులు కోర్సులో చదివినంతే. నేను చేసిన మోడల్ ఏదీ ఇంతవరకూ నా ల్యాప్‌టాప్ దాటి బయట నడవలేదు. మీ ప్రకటనలో అడిగిన వాటిలో నాకు లేనిది అదే, నేర్చుకోవాలనుకుంటున్నదీ అదే. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది లేదు, మీటింగుల్లో మాట్లాడాలంటే మొదట్లో కాస్త తడబడతాను.

ప్రాజెక్టు కోడు, రిపోర్టు, ఊరి పేర్లు సరిచేసిన పట్టికతో సహా, రెజ్యూమేకు జత చేశాను. పాత 93 శాతం నోట్‌బుక్ కూడా అందులోనే ఉంచాను, తీసేయలేదు. ఇంటర్వ్యూకు ఏ రోజు పిలిచినా ఉదయం బస్సుకు బయల్దేరి హైదరాబాద్ రాగలను, రెండు రోజుల ముందు చెప్తే చాలు. జూలై మొదటి వారం నుంచి ఉద్యోగంలో చేరగలను.

ఇట్లు,
బి. స్వాతి
ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, నల్లగొండ

జతపరచినవి: రెజ్యూమే, ప్రాజెక్టు రిపోర్టు, కోడు