పనసపొట్టు కూర మెచ్చుకున్న అమ్మగారికి, రాజమండ్రి నుంచి

నమస్కారమండీ. మా హోటల్లో భోజనం గురించి మీరు రాసింది పొద్దున్నే మా అబ్బాయి చదివి వినిపించాడు. వంటింట్లో వాళ్లందరినీ పిలిచి మళ్లీ ఒకసారి చదివించాను. ఏ కూర ఎలా ఉందో, ఎవరు ఏం వడ్డించారో అంత గుర్తుపెట్టుకుని రాశారంటే మా అందరికీ కడుపు నిండిపోయిందండీ.

మీరు అన్నవరంలో వ్రతం చేసుకుని తిరిగి వెళ్తూ మా దగ్గర ఆగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. "మా కోసం మళ్లీ ఎసరు పెట్టారు" అని మీరు రాసిన మాట మా వంటావిడకే చెందుతుంది. అన్నం అయిపోయిందని నేను చెప్పబోతుంటే, తను లోపల్నుంచే "పెద్దాయన బాగా అలిసిపోయినట్టున్నారు, కాసేపు కూర్చోమనండి" అని బియ్యం కడగడం మొదలుపెట్టేసింది. మీ మామగారు ముద్దపప్పు, ఆవకాయ మారు అడిగి మరీ తిన్నారని తెలిసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. వేళకాని వేళలో వచ్చినవాళ్లకి వేడన్నం పెడితే వచ్చే తృప్తి, నిండుగా ఉన్న హాలుని చూసినా రాదండీ.

మీ అత్తగారికి వడ్డించిన కుర్రాడి సంగతి కూడా రాశారు. కొత్తగా చేరాడు, మాట తక్కువ. ఆవిడ ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి ముట్టుకోరని మీరు ఒక్కసారే చెప్పారట. అందుకే కందిపొడి గిన్నె పట్టుకుని వస్తూ ఆవిడ విస్తరి దగ్గరికి రాగానే ఆగిపోయాడు. మా కందిపొడిలో వెల్లుల్లి పడుతుంది కదా. మీరు అది గమనించి రాయడం నాకు చాలా నచ్చింది. మీ మాటలు వినగానే వాడు వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

ఇక పనసపొట్టు కూరలో రహస్యమేంటని అడిగారు. దాచుకునేదేమీ లేదండీ, చెప్తాను. పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, మరీ మెత్తబడకముందే దించి నీళ్లు గట్టిగా పిండెయ్యాలి. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, ఇంగువ, కరివేపాకు, కాసిని జీడిపప్పులు. అందులో చింతపండు గుజ్జు పచ్చివాసన పోయేదాకా ఉడకనిచ్చి, పొట్టు వేసి మగ్గనివ్వండి. అసలు సంగతి ఆవ దగ్గర ఉంది. కూర పొయ్యి మీద ఉండగా ఆవముద్ద వేశారంటే చేదెక్కుతుంది. దించి, బాగా చల్లారాకే కలపాలి, పైన ఒక చెంచా నువ్వులనూనె. మా వైపు బజారులో కొట్టిన పొట్టే అమ్ముతారు. మీకు హైదరాబాదులో కాయే దొరికితే మాత్రం చేతులకీ కత్తికీ నూనె రాసుకుని మొదలుపెట్టండి, లేకపోతే ఆ జిగురు ఒక పట్టాన వదలదు.

మీ మామగారు ఈసారి పులస తినాలని ఉందన్నారని రాశారు. తప్పకుండా వండుతాం. కాకపోతే అది ఎప్పుడంటే అప్పుడు దొరికే చేప కాదు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది, అప్పుడే దాని రుచి. ధర కూడా రోజుకోలా ఉంటుంది. అందుకని మేం తెచ్చిపెట్టుకోం, ముందుగా చెప్పినవాళ్లకే వండుతాం. ఆ రోజు ధర మీకు ఫోన్‌లో చెప్పి, మీరు సరేనన్నాకే చేప తెస్తాం. ఒక రోజు ముందు చెప్తే ఇంకా మంచిది. మట్టి దాకలో పులుసు పెట్టి రాత్రంతా ఉంచితే మర్నాటికి ముక్కకి పులుపు పడుతుంది. మీ అత్తగారితో చెప్పండి, మా దగ్గర చేపలకి పొయ్యి వేరు, గిన్నెలు వేరు. ఆవిడ ఏ సంకోచమూ లేకుండా కూర్చుని భోంచెయ్యొచ్చు.

పిల్లలకి కారం ఎక్కువైందేమోనని ఒక మాట అన్నారు కదా, అదీ మంచి మాటే. చిన్నపిల్లలున్న టేబుల్‌కి ఇకనుంచి అడగకముందే నెయ్యి, కమ్మని పప్పు ముందు పెట్టమని చెప్పాను.

మేం సోమవారం తియ్యం, మిగతా రోజుల్లో ఎప్పుడైనా రండి. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలో ఉండగానే బోర్డు మీది నంబరుకి ఒక్క ఫోన్ చెయ్యండి, మీరు వచ్చే వేళకి అన్నం ఉడుకుతూ ఉంటుంది. పెద్దవాళ్లిద్దరికీ మా అందరి నమస్కారాలు చెప్పండమ్మా.